ముందు రాతా, ముందు చీలికా? పాత ప్రతుల నకిలీని ఫొటోలో పట్టుకోవడం

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి 1938లో ఒక కాగితం చేరింది. పై భాగంలో గెలీలియో 1609 ఆగస్టులో తన దుర్భిణి గురించి వెనిస్ పాలకుడికి రాసిన ఉత్తరం చిత్తుప్రతి, కింది భాగంలో 1610 జనవరిలో గురుగ్రహం పక్కన కనిపించిన చుక్కల లెక్కలు. ఎనభై ఏళ్లకు పైగా దాన్ని ఆ గ్రంథాలయం తన విలువైన సొత్తుల్లో ఒకటిగా చూసుకుంది. 2022లో నిక్ వైల్డింగ్ అనే చరిత్రకారుడు ఆ కాగితం చిత్రాన్ని పరిశీలనగా చూసి ఒక సందేహం లేవనెత్తారు. పై రాతకూ కింది రాతకూ మధ్య నెలల తేడా ఉండాలి, కానీ సిరా రెండుచోట్లా ఒక్కలాగే ఉంది. కొన్ని అక్షరాల రూపాలూ, మాటలూ కూడా గెలీలియోవిలా లేవు. ఆ తర్వాత కాగితాన్ని వెలుగుకు పట్టి చూస్తే కనిపించే తయారీ గుర్తు, అంటే వాటర్‌మార్క్ సంగతి తేల్చారు. అందులో ‘బి.ఎం.ఓ.’ అనే అక్షరాలున్నాయి. అవి ఇటలీలోని బెర్గామో ఊరి గుర్తు. ఆ గుర్తున్న కాగితాల్లో ఇప్పటివరకు నమోదైనవేవీ 1770కి ముందువి కావు. గెలీలియో 1642లోనే చనిపోయాడు. అది 20వ శతాబ్దంలో మిలన్‌కు చెందిన టోబియా నికోత్రా చేసిన నకిలీ అయి ఉంటుందని విశ్వవిద్యాలయం ప్రకటించింది.

ఈ కథలో ఇంకో ముడి ఉంది. 1934లో ఆ కాగితం వేలానికి వచ్చినప్పుడు, పీసా కార్డినల్ మాఫీ తన దగ్గరున్న గెలీలియో రాతతో పోల్చి చూసి ఇది అసలైనదే అన్నారని వేలం జాబితాలో రాశారు. తీరా విచారిస్తే మాఫీ దగ్గరున్న గెలీలియో పత్రాలు కూడా నికోత్రా నుంచి వచ్చినవేనని తేలింది. నకిలీని నకిలీతో పోల్చి చూసి అసలని ముద్ర వేశారన్నమాట.

మన దగ్గర తాటాకు కట్టల ఫొటోలు, పాత కాగితాల ఫొటోలు పంపి ‘ఇది నిజమైనదేనా?’ అని అడిగేవాళ్లు చాలామంది. చూసేవాళ్లు సాధారణంగా ‘పాతగా కనిపిస్తోందా లేదా’ అని చూస్తారు. అక్కడే దారి తప్పుతుంది. పాతగా కనిపించేలా చేయడం చాలా తేలిక. టీ నీళ్లు, పొయ్యి పొగ, పసుపు, కాసేపు ఎండ చాలు. చేయడం కష్టమైనది క్రమం. అసలైన ప్రతిలో ముందు ఆకు లేదా కాగితం తయారైంది, తర్వాత రాత పడింది, ఆ తర్వాత పురుగు, చెమ్మ, చేతి మురికి, చీలిక ఒకదాని మీద ఒకటి వచ్చాయి. నకిలీలో ఈ వరుస ఎక్కడో ఒకచోట తిరగబడుతుంది. గెలీలియో కాగితంలో రాతకు చెప్పిన తేదీ కన్నా కాగితమే కొత్తదైపోయింది. కాబట్టి ఫొటోను అడగాల్సింది ‘ఎంత పాతది’ అని కాదు, ‘ఈ రెండు గుర్తుల్లో ఏది ముందు పడింది’ అని.

తాళపత్రంలో ఈ ప్రశ్న బాగా పనిచేస్తుంది. ఎందుకో తెలియాలంటే అది ఎలా తయారవుతుందో గుర్తు చేసుకోవాలి. మన ప్రాంతంలో వాడినవి ముఖ్యంగా రెండు రకాల ఆకులు. తాటి ఆకు మందంగా, బిరుసుగా, కాస్త ఇరుకుగా ఉంటుంది. శ్రీతాళం ఆకు పలుచగా, వెడల్పుగా ఉండి వంచితే వంగుతుంది. ఆకును ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేసి, కొలతకు కత్తిరించి, తాడు కోసం రంధ్రం చేస్తారు. దక్షిణాదిలో దాని మీద సిరాతో రాయరు. ఇనుప గంటంతో గీస్తారు. గీసిన తర్వాత దీపపు మసిని నూనెతోనో ఆకు పసరుతోనో కలిపి కమ్మంతా రుద్ది, తుడిచేస్తారు. పైన ఉన్న మసి పోతుంది, గాట్లలో ఉన్నది నిలుస్తుంది. అంటే అక్షరం ఒక గాడి, నలుపు దానిలో నింపిన పదార్థం. ఇవి రెండూ వేర్వేరు వస్తువులని మనసులో పెట్టుకుంటే ఫొటో చూడటం సగం వచ్చినట్టే.

మొదటి ఫలితం వెంటనే తెలుస్తుంది. దీపపు మసి కర్బనం, అది వెలిసిపోదు. నాలుగు వందల ఏళ్ల నాటిదని చెప్పి, అక్షరాలు లేత గోధుమరంగులోకి ‘వెలిసిపోయిన’ తెలుగు తాటాకును చూపిస్తే అది వయసు వల్ల వచ్చిన రంగు కాదు. మసి రాలిపోయి ఖాళీ గాట్లు కనిపించవచ్చు, అది సహజం. గాడి లేకుండా గోధుమరంగు గీత మాత్రమే ఉంటే అది పెన్నుతో రాసినదో, ముద్రించినదో. గాడి ఉందో లేదో తెలియాలంటే వెలుగు పక్కనుంచి, ఆకు మట్టానికి దాదాపు ఆనుకుని రావాలి. టార్చిని ఆకు పక్కనే, పది పదిహేను డిగ్రీల కోణంలో పెట్టి తీసిన ఫొటోలో ప్రతి గీతకూ ఒక అంచున నీడ, రెండో అంచున మెరుపు కనిపిస్తాయి. ముద్రించిన గీతకు ఆ నీడ పడదు.

రెండో పరీక్ష చీలిక. తాటాకు ఈనె వెంబడి, అంటే పంక్తులకు సమాంతరంగా చీలుతుంది. ఏళ్లు గడిచిన కమ్మల్లో సన్నని చీలికలు అక్షరాల మధ్యనుంచి పోతాయి. అసలైన దానిలో చీలికకు పైనున్న అక్షరపు ముక్క, కిందనున్న ముక్క ఒకదానితో ఒకటి సరిపోతాయి. రెండు ముక్కలనూ దగ్గరికి తెస్తే వంపు పూర్తవుతుంది, ఎందుకంటే గీసినప్పుడు ఆకు ఒకటిగా ఉంది. చీలికలున్న పాత ఖాళీ ఆకు మీద కొత్తగా గీస్తే, గంటం మొన చీలిక దగ్గరికి రాగానే జారి దాని వెంబడే కాస్త దూరం పోతుంది. లేదా అంచు చిన్న పెళ్లగా ఊడుతుంది. పాత ఆకు పెళుసు కాబట్టి కొత్త గాడి అంచులు నునుపుగా తెగవు, పళ్లు పళ్లుగా లేస్తాయి. పైన ముదిరిన రంగును తెగ్గోసుకుని పోతుంది కాబట్టి లోపలి లేత రంగు సన్నని గీతలా బయటపడుతుంది. పాత ఆకు, కొత్త రాత అనే మోసానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఫొటోలో దొరకడం కష్టం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. చీలికలోనూ పురుగు రంధ్రపు అంచుల్లోనూ నల్లమసి కనిపిస్తే ‘చీలిక తర్వాతే రాశారు, నకిలీ’ అని తేల్చేస్తారు. అది అన్యాయం. గాట్లలో మసి రాలిపోయిన కమ్మలకు మళ్లీ మసి రుద్దడం, నిమ్మగడ్డి నూనె పట్టించడం మన గ్రంథాలయాల్లో ఎప్పటినుంచో ఉన్న సంరక్షణ పద్ధతి. అప్పుడు మసి చీలికల్లోకీ పోతుంది. అందుకే నలుపును నమ్మకూడదు, గాడిని నమ్మాలి. గాడి చీలికను చూసి దారి మళ్లిందా, లేక చీలిక గాడిని తెంపిందా అన్నదే ప్రశ్న.

రంధ్రాల దగ్గరా ఇదే తర్కం. తాడు రంధ్రం చుట్టూ రాసేవాడు జాగా వదులుతాడు. పంక్తులు రంధ్రానికి రెండు పక్కలా ఆగి మళ్లీ మొదలవుతాయి. రంధ్రం అక్షరం మధ్యనుంచి పోయిందంటే రాత తర్వాత ఎవరో తొలిచారన్నమాట. ముక్కలైన పెద్ద కమ్మలను చిన్నవిగా కత్తిరించి కట్ట కట్టి అమ్మేటప్పుడు ఇలా జరుగుతుంది. ఏళ్ల తరబడి తాడు లాగిన రంధ్రం గుండ్రంగా మిగలదు. ఒక వైపు సాగుతుంది, చుట్టూ చేతి మురికి చేరుతుంది. పురుగు తొలిచిన రంధ్రం ఇంకా మంచి సాక్షి. పురుగు కమ్మల గుండా వంకరగా పోతుంది కాబట్టి ఒక కమ్మ మీది రంధ్రం పక్క కమ్మ మీద దాదాపు అదే చోట, కొంచెం జరిగి ఉండాలి. వేడి చువ్వతో పొడిచిన రంధ్రాలు ఒకే కొలతలో, గుండ్రంగా, అంచు కమిలి ఉంటాయి. పక్క కమ్మలో జోడీ ఉండదు.

అంచుల రంగు కూడా కట్టగా చూసినప్పుడే మాట్లాడుతుంది. కట్టగా ఉన్న కమ్మలకు గాలి, పొగ, చేతులు తగిలేది అంచులకూ మొదటి చివరి కమ్మలకూ. అందుకని బయటి కమ్మలు ముదురుగా, మధ్యవి లేతగా ఉంటాయి. ప్రతి కమ్మలోనూ అంచునుంచి లోపలికి రంగు క్రమంగా తగ్గుతుంది. ముంచి తీసిన నకిలీ కట్టలో మొదటి కమ్మా ఇరవయ్యో కమ్మా ఒకే రంగు, అంచూ నడుమా ఒకే రంగు. అందుకే ఒక్క కమ్మ ఫొటోతో తీర్పు చెప్పకూడదు. కట్టను పక్కనుంచి తీసిన ఫొటో ఒకటి, మధ్య కమ్మ ఫొటో ఒకటి తప్పనిసరి.

ఫొటో నాణ్యత గురించి ఒక చిన్న లెక్క. మామూలు పన్నెండు మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో అడ్డంగా నాలుగు వేల చుక్కలు. నలభై సెంటీమీటర్ల కమ్మను మొత్తంగా తీస్తే మిల్లీమీటరుకు పది చుక్కలు వస్తాయి. గంటపు గాడి మిల్లీమీటరులో పదో వంతు అనుకుంటే అది ఒక్క చుక్క. అంటే ఆ ఫొటోలో గాడి అంచు గురించి ఏం చెప్పినా ఊహే. ఎనిమిది సెంటీమీటర్ల ముక్కను మాత్రమే తీస్తే మిల్లీమీటరుకు యాభై చుక్కలు, గాడికి ఐదు. అప్పుడు అంచు, పెళ్ల, లేత రంగు కనబడటం మొదలవుతుంది. పక్కన స్కేలు, ఒక తెల్ల కాగితం పెట్టమనాలి. ఫోన్ తనకు తోచినట్టు రంగు మారుస్తుంది, తెల్ల కాగితం పసుపుగా కనిపిస్తే ఆకు రంగు మీద వ్యాఖ్యానం మానుకోవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపించుకోవాలి. ఫోన్ దానంతట అది పదును పెంచినప్పుడు నల్లగీత పక్కన తెల్లటి చార పుడుతుంది. దాన్ని కొత్త గాడి లేత అంచని పొరబడటం సర్వసాధారణం. తేడా తేలిక: కెమెరా చార ప్రతి గీతకూ రెండు పక్కలా సమానంగా ఉంటుంది, స్కేలు మీది గీతలకూ ఉంటుంది.

ఒక కట్టను ఈ పద్ధతిలో నడిపి చూద్దాం. ఇది నమూనాగా కట్టిన ఉదాహరణే, కానీ ఇందులోని ప్రతి అంశమూ నిజంగా ఎదురయ్యేదే. అమ్మేవాడు చెప్పేది: నలభై కమ్మల తెలుగు కట్ట, బొమ్మలున్నాయి, 1679 నాటిది. పక్కనుంచి తీసిన ఫొటోలో బయటి కమ్మలు ముదురు, లోపలివి లేత. రెండు పురుగు బొరియలు ఏడెనిమిది కమ్మల గుండా వరుసగా పోయాయి. మంచిదే. రాత కమ్మలు దగ్గరగా చూస్తే పదాల మధ్య ఖాళీలు లేవు, పాత ప్రతుల్లో ఉన్నట్టే అక్షరాలు ఏకధారగా పోతున్నాయి. అచ్చు పుస్తకం చూసి గీసినవాడు తెలియకుండానే పదాలు విడదీస్తాడు. చీలికలు అక్షరాలను తెంపాయి, ముక్కలు రెండు పక్కలా సరిపోతున్నాయి. కాబట్టి రాత చీలికలకు ముందుదే.

చివరి కమ్మలో రాసినవాడు సంవత్సరం పేరు మాత్రం ఇచ్చాడు: సిద్ధార్థి. శక సంవత్సరం లేదు. అమ్మేవాడి 1679 ఇక్కడినుంచే వచ్చింది. సిద్ధార్థి 1679లో వచ్చిన మాట నిజమే. కానీ అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది కాబట్టి 1739, 1799, 1859, 1919 కూడా సిద్ధార్థులే. దక్షిణాది వాతావరణంలో మిగిలిన కమ్మల్లో ఎక్కువ భాగం గత రెండు మూడు శతాబ్దాలవి. వేరే ఆధారం లేకుండా అన్నిటికన్నా పాత సిద్ధార్థిని ఎంచుకోవడం అమ్మకపు లెక్క తప్ప కాలనిర్ణయం కాదు. శక సంవత్సరం కూడా ఇచ్చి ఉంటే సరిచూడటం తేలిక: శక సంఖ్యకు పన్నెండు కలిపి అరవైతో భాగించాలి, శేషమే ప్రభవ నుంచి లెక్కించిన స్థానం. శకం 1700కి శేషం ముప్పై రెండు, అంటే విలంబి. గత సంవత్సరమా, నడుస్తున్న సంవత్సరమా అన్న తేడా వల్ల ఒకటి అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కర్లేదు. అంతకన్నా తేడా వస్తే ఆగి ఆలోచించాలి.

ఇక బొమ్మలున్న మూడు కమ్మలు. వీటి అంచుల రంగు మిగతావాటితో కలుస్తుంది, పురుగు బొరియ కూడా వీటిలోనుంచే పోయింది. అంటే ఆకులు కట్టలోవే. కానీ ఏనుగు తొండం గీత బొరియ దగ్గరికి వచ్చి దాని చుట్టూ వంపు తిరిగింది. ఎనిమిది సెంటీమీటర్ల ఫొటోలో గీత అంచుల్లో లేత రంగు, పళ్లు. రాత కమ్మల గాట్లలో ఇవి లేవు. తీర్పు ఇప్పుడు ఒక్క మాటలో రాదు: ఆకులు పాతవి, రాత పాతది, బొమ్మలు పురుగు తిన్న తర్వాత గీసినవి, తేదీ అమ్మేవాడు తనకు నచ్చినట్టు ఎంచుకున్నది. కట్ట చివర ఖాళీగా ఉండే కమ్మలు ఇలాంటి పనికి దొరుకుతాయి. నిజానికి ఈ మోసమే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ధర కోసం ఒక అసలైన ప్రతిని పాడుచేశారు. పూరీ దగ్గరి రఘురాజ్‌పూర్‌లో తాటాకుల మీద గీసే బొమ్మలు దీనికి పూర్తిగా వేరు. అక్కడి కళాకారులు వాటిని కొత్త పనిగానే అమ్ముతారు. కమ్మలను దారంతో పక్కపక్కన కుట్టి మడతపెట్టేలా చేస్తారు. చేతులు మారాక ఎవరో వాటిని ‘పురాతనం’ చేస్తే తప్పు కళాకారుడిది కాదు.

కాగితం మీదికి వస్తే చీలిక స్థానంలో మడత వస్తుంది. పాత కాగితానికి రాసేటప్పుడు సిరా పాకకుండా గంజో జిగురో పట్టించి ఉంటుంది. మడత పడినచోట, రాపిడి తగిలినచోట ఆ పూత పోతుంది. అక్కడ కొత్తగా రాస్తే సిరా పోగుల వెంబడి ఈకల్లా పాకుతుంది. అందుకే పాత ఖాళీ కాగితం మీద రాసిన నకిలీలో మడత దాటే అక్షరాలే మొదట చూడాలి. యూరోపియన్ కాగితాల్లో వాడిన ఇనుప సిరా మొదట నల్లగా ఉండి ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది, చుట్టూ పలుచని గోధుమ మరక కడుతుంది, చాలాసార్లు కాగితం వెనక్కి కూడా దిగుతుంది. ఈ మరకను అనుకరించబోయే నకిలీగాళ్లూ ఉన్నారు. యేల్ విశ్వవిద్యాలయం 1965లో 15వ శతాబ్దపు ప్రపంచ పటమని చూపించిన ‘విన్‌లాండ్ పటం’లో నల్లగీత కింద పసుపు గీత ఉంది. 1970ల్లో ఆ పసుపులో 20వ శతాబ్దపు తెల్లరంగు పదార్థమైన టైటానియం డయాక్సైడ్ దొరికింది. 2021లో యేల్ స్వయంగా అది నకిలీ అని ప్రకటించింది. టైటానియం ఫొటోలో దొరకదు. కానీ పసుపు గీత, నల్లగీత ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడకుండా పక్కకు జరిగినచోటు కనబడితే, అది పాకిన మరకా పూసిన గీతా అన్న ప్రశ్న ఫొటోతోనే లేవనెత్తవచ్చు.

కాగితం వయసుకు వెనుకనుంచి వెలుగు వేసి తీసిన ఫొటో కావాలి. చేత్తో చేసిన పాత యూరోపియన్ కాగితంలో దగ్గర దగ్గరగా సన్నగీతలు, వాటికి అడ్డంగా సుమారు రెండున్నర సెంటీమీటర్లకొకటి చొప్పున దూరపు గీతలు కనిపిస్తాయి. గీతలు లేని నున్నటి కాగితం యూరప్‌లో 1750ల తర్వాతే వాడుకలోకి వచ్చింది. ఇంగ్లండులో 1794 చట్టం తర్వాత ఎగుమతి కాగితాల వాటర్‌మార్క్‌లో సంవత్సరం వేయడం మామూలైంది. అందుకే మద్రాసు కంపెనీ కాలపు దస్తావేజులను వెలుగుకు పట్టి చూస్తే లాభం. కాగితం మీది సంవత్సరం రాతలోని తేదీ కన్నా తర్వాతదైతే ఇక చర్చ అక్కర్లేదు. ముందుదైతే మాత్రం ఏదీ రుజువు కాదు, పాత కాగితం ఎవరైనా దాచుకోవచ్చు.

గోల్కొండనో కోరమాండల్ తీరాన్నో చూపే 17, 18 శతాబ్దాల డచ్చి, ఫ్రెంచి పటాలు రాగిరేకు మీద చెక్కి తడి కాగితం మీద నొక్కినవి. పటం చుట్టూ రేకు అంచు నొక్కు ఉంటుంది, పక్కవెలుగులో నీడ పడుతుంది. దగ్గరి ఫొటోలో గీత తెగకుండా పోవాలి, చిన్న చిన్న చుక్కల గుంపుగా విడిపోతే అది ఆధునిక అచ్చు. పటం అసలుదైనా రంగు కొత్తదై ఉండవచ్చు. దానికి రెండు చోట్లు చూస్తే చాలు. మొదటిది నడిమి మడత: మడత అరిగిన తర్వాత పూసిన రంగు ఆ అరుగులోకి ఇంకి అక్కడ ముదురుగా కనిపిస్తుంది. రెండోది ఆకుపచ్చ. ఆ కాలపు ఆకుపచ్చ చాలావరకు రాగి చిలుము నుంచి చేసినది. అది కాగితాన్ని మెల్లగా కాలుస్తుంది, కాబట్టి వెనక వైపు అదే ఆకారంలో గోధుమరంగు మరక దిగుతుంది. ముందువైపు నిండుగా ఆకుపచ్చ ఉండి వెనక వైపు శుభ్రంగా ఉంటే రంగు మీద అనుమానపడవచ్చు, తీర్పు మాత్రం ఇవ్వకూడదు. పలుచగా పూసిన చిలుము దిగకపోవచ్చు. పటాలు అమ్మేవాళ్లు వెనక వైపు ఫొటో దాదాపు పంపరు. అడగాల్సిన మొదటి ఫొటో అదే.

ఈ పరీక్షలన్నీ ఒక వైపే గట్టిగా పనిచేస్తాయి. క్రమం తిరగబడితే నకిలీ అనో, తర్వాత చేర్చినదనో చెప్పగలం. క్రమం సరిగా ఉంటే ‘ఈ ఫొటోల్లో తప్పు కనబడలేదు’ అనేంతవరకే. రేడియోకార్బన్ పరీక్ష చేయిద్దామంటారు కొందరు. సుమారు 1650 నుంచి 1950 మధ్య ఆ పరీక్ష ఒకే కొలతకు రెండు మూడు వేర్వేరు కాలాలను చూపిస్తుంది, మన కమ్మల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఆ మధ్యలోనే పడతాయి. పైగా అది ఆకు కోసిన కాలం చెబుతుంది తప్ప గంటం తగిలిన కాలం చెప్పదు. దానికి మళ్లీ గాడి దగ్గరికే రావాలి: చీలిక దాటే అక్షరం ఒకటి వెతికి, పక్కవెలుగులో, ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పులో తీసి పంపమనాలి.